గానుగ నూనెలో పామాయిల్ కలుపుతున్నారని పోస్టు పెట్టాడు, పరువు నష్టం దావా వేయాలా?

లాయరు గారికి నమస్కారం. పల్నాడు జిల్లాలో మాకు గానుగ నూనె కొట్టు ఉంది. కొట్టూ, లైసెన్సులూ నా పేరు మీదే. నవంబరు 10న ఒకతను మా ఆయన గానుగ దగ్గర నిలబడ్డ ఫోటో పెట్టి ఫేస్‌బుక్‌లో ఇలా రాశాడు: "రేటు చూస్తే కళ్లు తిరుగుతాయి, రుచి మాత్రం సున్నా. గానుగ పేరు చెప్పి పామాయిల్ కలిపి అమ్ముతున్నారంట. అందరికీ షేర్ చేయండి." అది ఊళ్లో వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగింది. నిరుడు ఇవే రోజుల్లో రోజుకు 40 లీటర్లు పోయేది. పోస్టు తర్వాత 15కు పడింది. నాలుగు నెలలయ్యాక ఇప్పుడు మెల్లగా 30 దాకా వచ్చింది. లీటరు 360 రూపాయలు. పోలీసులు "ఇది మా కేసు కాదు, కోర్టుకు వెళ్లండి" అన్నారు. మా బావగారు 25 లక్షలకు దావా వేయమంటున్నారు. అతను హైదరాబాద్‌లో ఉంటాడు. ఏం చేయాలో చెప్పండి. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
– ఒక సోదరి

అమ్మా, ముందు ఆ పోస్టును ఒక్కో వాక్యంగా విడదీసి చూడండి. కోర్టులో మీ వకీలు, అవతలి వకీలు చేసేదీ అదే.

మొదటి వాక్యం మీద దావా నిలవదు. రేటు ఎక్కువనడం, రుచి లేదనడం కొనేవాడి అభిప్రాయం. అది ఎంత మంట పుట్టించినా, ఎంత వెటకారంగా ఉన్నా, తను కొన్న సరుకు గురించి అలా చెప్పే హక్కు అతనికి ఉంది. దాన్ని కూడా దావాలో చేర్చి "ఇది కూడా పరువు నష్టమే" అని వాదిస్తే, విమర్శను తట్టుకోలేక కోర్టుకెక్కారన్న వాదన అవతలివాళ్ల చేతికి మీరే అందించినట్టవుతుంది. ఆ వాక్యాన్ని వదిలేయండి.

మీ కేసంతా రెండో వాక్యంలో ఉంది. పామాయిల్ కలుపుతున్నారనేది అభిప్రాయం కాదు. నిజమో అబద్ధమో పరీక్ష చేసి తేల్చగల విషయం. పైగా అది నూనె బాగోలేదనడం కాదు, మీరు జనాన్ని మోసం చేస్తున్నారనడం. ఈ తేడా మీకు చాలా ముఖ్యం. సరుకును మాత్రమే తప్పుపట్టిన మాటైతే అది అబద్ధమనీ, దురుద్దేశంతో అన్నదనీ, దానివల్ల డబ్బు నష్టం వచ్చిందనీ మూడూ మీరే రుజువు చేయాల్సి వచ్చేది. వ్యాపారి నిజాయితీని దెబ్బతీసిన మాట అయితే బరువు అటువైపు మారుతుంది. ఆ మాట అతను అన్నాడనీ, అది మిమ్మల్ని ఉద్దేశించిందేననీ, మీరు కాక ఇతరులు చదివారనీ చూపితే చాలు. అది నిజమని రుజువు చేసే భారం అతని మీద పడుతుంది. నిజమని రుజువు చేయగలిగితే మాత్రం సివిల్ దావా అక్కడితో పోతుంది. ఉద్దేశం మంచిదా చెడ్డదా అన్నది ఆ తర్వాత అనవసరం.

ఇక "అమ్ముతున్నారంట" అని చివర ఒక "అంట" తగిలించాడు చూశారా? అది తనను కాపాడుతుందని చాలామంది నమ్ముతారు. కాపాడదు. ఎవరో అన్న నిందను మళ్లీ పదిమందికి చెప్పినవాడు ఆ నిందకు తానూ బాధ్యుడే. "నాకు ఫార్వర్డ్ వచ్చింది, నేను పంపాను" అనే జవాబుకూ ఇదే వర్తిస్తుంది. అలాగని షేర్ చేసిన 200 మందినీ ప్రతివాదులను చేయకండి. అందరికీ సమన్లు అందేసరికే ఏళ్లు గడుస్తాయి. పోస్టు పెట్టినవాడు, దానికి తన సొంత మాటలు జోడించి ఎక్కువమందికి చేర్చినవాడు ఎవరైనా ఉంటే అతను, అంతవరకే చాలు. వాట్సాప్ గ్రూపు అడ్మిన్‌ను మాత్రం కలపకండి. సభ్యుడు పెట్టిన మెసేజికి కేవలం అడ్మిన్ అయినందుకు బాధ్యుడు కాడని బొంబాయి, కేరళ హైకోర్టులు చెప్పాయి.

వాది ఎవరన్నది కూడా ఇక్కడే తేల్చుకోండి. వ్యాపారం మీది కాబట్టి అమ్మకాల నష్టం అడగాల్సింది మీరు. కొట్టు పేరుతో కాదు, ఆ కొట్టు యజమానిగా మీ సొంత పేరుతో. ఫోటోలో ఉన్నది మీవారు. జనం దొంగ అనుకున్నది ఆయన్ని. కాబట్టి ఆయన పరువుకు ఆయనా వాదిగా ఉండాలి. ఇద్దరూ కలిసి ఒకే దావా వేయవచ్చు. భర్త ఒక్కడే దావా వేసి, కొట్టు నష్టమంతా తనదిగా అడిగి, లైసెన్సు భార్య పేరు మీద ఉండటంతో క్రాస్ ఎగ్జామినేషన్‌లో తడబడిన కేసులున్నాయి.

ఇప్పుడు గడువు మాట. రాతపూర్వక పరువు నష్టానికి దావా వేసే గడువు ఒక్క సంవత్సరం. 1963 లిమిటేషన్ చట్టం 75వ ఆర్టికల్ ప్రకారం అది ప్రచురించిన రోజు నుంచే మొదలవుతుంది. మీకు నాలుగు నెలలు అప్పుడే అయిపోయాయి. "పోస్టు ఇంకా అక్కడే కనిపిస్తోంది కదా, రోజూ కొత్తగా నష్టమే కదా" అనే వాదన మీద ఆధారపడకండి. ఇంటర్నెట్‌లో ఉన్నంతకాలం గడువు మళ్లీ మళ్లీ మొదలు కాదని ఢిల్లీ హైకోర్టు 2013లో ఒక ఫేస్‌బుక్ కేసులోనే చెప్పింది. మన హైకోర్టులు దానికి కట్టుబడాలని లేదు కానీ, మీరు ఆ పందెం కాయాల్సిన అవసరమూ లేదు. లీగల్ నోటీసు ఇచ్చినంత మాత్రాన గడియారం ఆగదు. పోలీసు ఫిర్యాదుతోనూ, ఫేస్‌బుక్‌కు రిపోర్టు కొట్టడంతోనూ ఆగదు. వచ్చే అక్టోబరుకు ముందే దావా నంబరు పడేలా చూసుకోండి. చివరి వారంలో కోర్టు ఆఫీసు అభ్యంతరాలతో ప్లెయింటు, అంటే దావా పత్రం, వెనక్కి వస్తే పడే పాట్లు నేను చూశాను.

హైదరాబాద్‌కు తిరగాల్సి వస్తుందేమోనన్న భయం వద్దు. తప్పు ఒకచోట జరిగి, చేసినవాడు ఇంకోచోట ఉంటే ఈ రెంటిలో ఎక్కడ దావా వేయాలన్నది వాది ఇష్టమని సివిల్ ప్రొసీజర్ కోడ్ 19వ సెక్షన్ చెబుతుంది. మీ ఖాతాదారులు ఆ పోస్టు చదివింది మీ ఊళ్లో, కొట్టు ఖాళీ అయింది మీ ఊళ్లో. మీ దగ్గరి కోర్టులోనే వేయండి. ప్లెయింటులో మాత్రం ఎవరు ఎక్కడ చదివారో రాయించండి.

నోటీసు పంపే ముందే సాక్ష్యం భద్రం చేసుకోవాలి. నోటీసు అందిన రాత్రే పోస్టు మాయమవుతుంది, ఇది ప్రతిసారీ జరిగేదే. ఒక బేకరీ ఆయన నా దగ్గరికి వచ్చినప్పుడు ఆయన చేతిలో ఉన్నది బొమ్మా, మాటలూ మాత్రమే మిగిలేలా కత్తిరించిన ఒక స్క్రీన్‌షాట్. పెట్టినవాడి పేరు లేదు, తేదీ లేదు. అసలు ఫోను ఎక్స్‌ఛేంజ్ ఆఫర్‌లో ఇచ్చేశారు. నిందేమో నిజంగా జరిగింది, కానీ కోర్టుకు చూపించడానికి ఏమీ లేదు.

మీరు ఇలా చేయండి. ఫోనులో స్క్రీన్ రికార్డింగ్ ఆన్ చేసి, అతని ప్రొఫైల్ తెరిచి, అక్కడి నుంచి ఆ పోస్టుకు వెళ్లి, తేదీ, కామెంట్లు, షేర్ల సంఖ్య కనిపించేలా నెమ్మదిగా కిందికి జరపండి. పోస్టు లింకును, ప్రొఫైల్ లింకును విడిగా కాపీ చేసి రాసిపెట్టుకోండి. పైన కనిపించే పేరు రేపు మార్చేయవచ్చు, లింకు అంత తేలిగ్గా మారదు. కామెంట్లలో "ఛీ, ఇక అక్కడ కొనం" అని రాసిన మీ ఊరివాళ్లుంటే వాళ్లే మీకు బంగారం లాంటి సాక్షులు, ఎందుకంటే చదివారనడానికీ, చదివి మానేశారనడానికీ రెంటికీ వాళ్లే రుజువు. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం ఇలాంటి ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు ఒక సర్టిఫికెట్ జతచేయాలి. అందులో ఒక భాగం రికార్డు చేసినవాళ్లు, ఇంకో భాగం నిపుణుడు నింపాలి. ఫైలుకు వేలిముద్ర లాంటిదైన హాష్ సంఖ్య కూడా అందులో రాయాలి. ఆ పని వకీలు చేయిస్తారు. మీరు చేయాల్సిందల్లా ఆ ఫోను మార్చకుండా, రీసెట్ చేయకుండా ఉంచడం. ప్లెయింటు ఇంగ్లీషులో తయారైనా అతను రాసిన తెలుగు మాటలు ఉన్నవి ఉన్నట్టుగా అందులో ఉండాలి. "నా ఉత్పత్తులపై నిరాధార ఆరోపణలు చేశారు" అని సారాంశం రాస్తే ఆ "అంట" కూడా, దాని మీద చేయాల్సిన వాదన కూడా ఎగిరిపోతాయి.

నిజమని రుజువు చేయాల్సింది అతనే అన్నాను కదా. అయినా మీ నూనెకు పరీక్ష చేయించి పెట్టుకోండి. వేరుశనగ నూనెలో పామాయిల్ కలిస్తే దాచడం కష్టం. పామాయిల్‌లో పామిటిక్ ఆమ్లం 40 శాతం పైగా ఉంటుంది, వేరుశనగ నూనెలో మామూలుగా 10 శాతం అటూ ఇటూ. గ్యాస్ క్రొమటోగ్రఫీతో కొవ్వు ఆమ్లాల పట్టిక తీస్తే చెప్పుకోదగ్గ కల్తీ ఏదైనా బయటపడుతుంది. ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబులు ఈ పరీక్ష చేస్తాయి.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. మీరే సీసాలో పోసి తీసుకెళ్లి ఇస్తే, రిపోర్టు కింద "ఈ ఫలితం సమర్పించిన నమూనాకే వర్తిస్తుంది" అని ఒక లైను అచ్చు వేస్తారు. అవతలి వకీలు మొదట చదివేది ఆ లైనే. "మంచి నూనె వేరే పట్టించి తెచ్చారు" అంటాడు. అందుకే ల్యాబువాళ్లే కొట్టుకు వచ్చి నమూనా తీసి సీలు వేసేలా అడగండి, కొంత ఎక్కువ ఖర్చవుతుంది. ఈ నాలుగు నెలల్లో కానీ, అంతకుముందు కానీ ఫుడ్ సేఫ్టీ ఆఫీసరు మీ దగ్గర నమూనా తీసుకుని ఉంటే ఆ రిపోర్టు మీ స్వంత రిపోర్టు కన్నా ఎంతో విలువైనది, నకలు సంపాదించండి. దావా నడుస్తుండగా కోర్టు నియమించే అడ్వకేట్ కమిషనర్ ద్వారా శాస్త్రీయ పరీక్ష చేయించమని కోర్టునూ అడగవచ్చు. నవంబరు 10 నాటి గానుగ నూనె ఒక్క సీసా అయినా మిగిలి ఉంటే దాన్ని ఎవరికీ అమ్మకండి. ఇన్ని చెప్పాక ఒక మాట మొహమాటం లేకుండా అడుగుతున్నాను. ఎప్పుడైనా గింజ దొరకని రోజుల్లో బయటి నూనె కలిపి అమ్మారా? అమ్మి ఉంటే ఈ దావా వేయకండి.

పోస్టును వెంటనే తీయించే సంగతి. దావాతో పాటే తాత్కాలిక ఇంజంక్షన్ కోసం సివిల్ ప్రొసీజర్ కోడ్ 39వ ఆర్డరు కింద పిటిషన్ వేస్తారు. అవతలి మాట వినకుండానే మొదటి రోజే ఆర్డరు వస్తుందని ఆశ పెట్టుకోకండి. మాట్లాడే స్వేచ్ఛను విచారణకు ముందే ఆపడం విషయంలో కోర్టులు జాగ్రత్త పడతాయి. 2024 మార్చిలో సుప్రీంకోర్టు ఒక వార్తాసంస్థ కథనాన్ని తొలగించమన్న ఆర్డరును సరిగ్గా ఈ కారణంతోనే కొట్టేసింది. అది పత్రికా కథనం, మీది ఒక వ్యక్తి పోస్టు. అయినా మీ జడ్జి దాన్ని గుర్తుంచుకునే ఉంటారు. నోటీసుకు అతను ఏ ఆధారమూ చూపకపోవడం, మీ చేతిలో సీలు వేసిన నమూనా రిపోర్టు ఉండటం, ఈ రెండూ ఉంటే ఆర్డరు వచ్చే అవకాశం బాగా పెరుగుతుంది. ఫేస్‌బుక్ కంపెనీని కూడా ప్రతివాదిగా చేర్చండి. అది డబ్బు కోసం కాదు, ఆర్డరు వస్తే ఆ లింకును తీసేయడానికి. కోర్టు ఆర్డరు లేకుండా తీసి తీరాలన్న బాధ్యత కంపెనీకి లేదని 2015లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది. అందుకే మీరు కొట్టిన రిపోర్టులకు యంత్రంలాంటి జవాబులు వస్తుంటాయి. వాట్సాప్‌లో తిరిగిన కాపీలను మాత్రం ఏ కోర్టూ వెనక్కి రప్పించలేదు.

ఇక 25 లక్షలు. మీ బావగారికి మీ మీద ప్రేమే కానీ, కోర్టు ఫీజు ఆయన కట్టరు. డబ్బు దావాకు ఫీజు మీరు అడిగిన మొత్తాన్ని బట్టి ఉంటుంది, మీకు చివరికి వచ్చేదాన్ని బట్టి కాదు.

లెక్క ఇలా వేయండి. రోజుకు 25 లీటర్లు తగ్గితే 9,000 రూపాయల అమ్మకం పోయింది. నెలకు 26 రోజులనుకుంటే 2,34,000. చాలామంది ఈ అంకెనే నష్టంగా రాసేస్తారు, మొదటి క్రాస్‌లోనే కూలిపోతుంది. ఎందుకంటే నూనె అమ్మకపోతే గింజ కూడా కొనరు కదా. మీకు పోయింది అమ్మకం కాదు, అందులో మిగిలే లాభం. గింజ, కరెంటు, డబ్బా ఖర్చు తీసేసి, నూనె తీశాక మిగిలే చెక్క అమ్మిన డబ్బు కలుపుకుని లీటరుకు 90 రూపాయలు మిగులుతుందనుకుందాం. మొదటి నెల రోజుకు 25 లీటర్లు తగ్గాయి. మధ్య నెలల్లో 22, 15 లీటర్లు, నాలుగో నెల 10 లీటర్లు తగ్గాయనుకుందాం. నాలుగూ కలిపితే 72. దాన్ని 26 రోజులతో, 90 రూపాయలతో గుణిస్తే 1,68,480. ఇదీ మీరు రుజువు చేయగల నష్టం. అమ్మకం తేరుకున్న నెలలను దాచకుండా చూపిస్తే మిగతా అంకెలను జడ్జి నమ్ముతారు.

పోల్చాల్సింది అక్టోబరుతో కాదు, నిరుటి ఇవే నెలలతో. కార్తీకమాసం దీపాలకు, సంక్రాంతి అరిసెలకు నూనె ఎక్కువ పోతుంది కాబట్టి మామూలు నెలతో పోలిస్తే మీకే నష్టం. ఆ మధ్య మీ వీధిలో ఇంకో గానుగ వచ్చి ఉంటే ముందే వకీలుకు చెప్పండి, తగ్గుదలకు అదే కారణమని అవతలివాళ్లు అనబోతున్నారు.

రుజువుకు చిట్టా పుస్తకం, గింజ కొన్న బిల్లులు, కరెంటు బిల్లులు, యూపీఐ ద్వారా ఖాతాలో పడిన డబ్బుల నెలవారీ స్టేట్‌మెంటు తీయండి. గానుగ తక్కువ తిరిగితే కరెంటు యూనిట్లు తగ్గుతాయి, ఆ బిల్లును ఎవరూ కల్పించలేరు. జీఎస్టీ రిటర్నులు కూడా అడుగుతారు. మీరు కాంపోజిషన్ పథకంలో ఉంటే పన్ను స్టేట్‌మెంటు మూడు నెలలకొకసారి, రిటర్ను ఏడాదికొకసారే కాబట్టి నెలల తేడా అందులో కనిపించదు. రిటర్నులో రోజుకు 20 లీటర్ల అమ్మకమే చూపి, కోర్టులో 40 అంటే మాత్రం ఇబ్బంది. ప్రమాణం చేసి చెప్పిన ఆ మాట మీద పన్ను శాఖకూ ఆసక్తి కలుగుతుంది. దావా వేసే ముందు మీ అకౌంటెంటుతో ఒక పూట కూర్చోండి.

ఈ నష్టం కాక, పరువు పోయినందుకు విడిగా సాధారణ నష్టపరిహారం అడగవచ్చు. దానికి బిల్లులు చూపక్కర్లేదు, జడ్జి విచక్షణే. మీ ఇద్దరికీ కలిపి రెండు మూడు లక్షలు అడగమని నా సలహా. అంటే మొత్తం నాలుగైదు లక్షల దావా. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సేవలు పొందే హక్కు ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకుంటే మీ తరఫున వకీలును ఇస్తారు, కోర్టు ఫీజు సాయం గురించి కూడా అక్కడే అడగండి.

పోలీసులు చెప్పింది తప్పు కాదు. క్రిమినల్ పరువు నష్టం, అంటే భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్, వాళ్లు నేరుగా కేసు కట్టే నేరం కాదు. మీరే మెజిస్ట్రేటు దగ్గర ప్రైవేటు ఫిర్యాదు వేయాలి. సివిల్, క్రిమినల్ రెండూ నడపవచ్చు. కానీ మీకు కావలసింది ఖాతాదారులు తిరిగి రావడం కాబట్టి ముందు సివిల్ మీదే శక్తి పెట్టమంటాను. పోస్టు తీసేయడానికి అతను డబ్బు అడిగి ఉంటే మాత్రం కథ వేరు. అది బలవంతపు వసూలు, దాని మీద పోలీసులు కేసు కట్టాలి. ఆ మెసేజిలు ఉంటే వెంటనే చూపించండి. ఇంకోటి, మీవారు జవాబుగా వీడియో పెట్టి అతన్ని తిట్టకుండా చూడండి. మన దావాకు ఎదురు దావా అక్కడే పుడుతుంది.

నోటీసు వెళ్లాక ఇలాంటివాళ్లు ఎక్కువమంది రాజీకి వస్తారు. వస్తే ఊరికే "సారీ అండీ" అనిపించుకుని వదిలేయకండి. ఏ పేజీలో నింద వచ్చిందో అదే పేజీలో, అదే ఫోటో లేకుండా, మీ కొట్టు పేరుతో, "నవంబరు 10న నేను రాసిన పామాయిల్ మాటకు నా దగ్గర ఏ ఆధారమూ లేదు, అది తప్పు" అనే వాక్యం ఉండాలి. నెల రోజులు పేజీ పైన పిన్ చేసి ఉంచాలి, కామెంట్లు మూసేయాలి. అదే మాటను అతను పంపిన వాట్సాప్ గ్రూపులన్నింటికీ పంపాలి. పరీక్ష ఖర్చు, కొంత నష్టం కూడా అడగండి. ఒప్పుకుంటే ఆ మాటలన్నీ కాగితం మీద పెట్టి లోక్ అదాలత్‌లో అవార్డుగా తీసుకోండి. దావా వేయకముందే కూడా అలా చేయవచ్చు. దానికి కోర్టు డిక్రీతో సమానమైన బలం ఉంటుంది, తర్వాత మాట తప్పితే నేరుగా అమలుకు వెళ్లవచ్చు. రాజీ మాటలు సాగుతున్నాయి కదా అని అక్టోబరు మాత్రం దాటనివ్వకండి.